మెడ ముందు నొప్పి గడ్డ: కత్తి పెట్టించే ముందు

"మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా ఆవిడకి 41 ఏళ్ళు, షుగర్‌కి మాత్ర వేసుకుంటుంది. సంక్రాంతి ముందు గొంతు నొప్పి, జ్వరం వచ్చి వారంలో తగ్గాయి. మళ్ళీ ఇరవై రోజులకి మెడ ముందు కుడివైపు గడ్డలా లేచింది. చెయ్యి వేయనివ్వదు, చెవిలోకి పోటు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది, గుండె దడగా ఉందంటుంది. ఊళ్ళో డాక్టరు గారు బిళ్ళ కట్టిందని రెండు కోర్సులు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. ఇంకొకరు చీము పట్టింది, కోయాలంటున్నారు. క్యాన్సరేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?"

ముందు ఒక్క విషయం చూసుకుని మిగతాది చదవండి. ఆవిడ నోరు మామూలుగా తెరుచుకుంటోందా? మధ్య మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. ఉమ్ము మింగగలుగుతోందా, లేక పక్కన గుడ్డ పెట్టుకుని తుడుచుకుంటోందా? మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు వస్తోందా? మెడ తిప్పలేకపోతోందా, ఊపిరి తీస్తుంటే చప్పుడు వస్తోందా, చలి పుట్టి వణికించే జ్వరం ఉందా, వాపు గంటగంటకీ ఛాతీ వైపు దిగుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ సమాధానం పక్కన పెట్టి, ఆపరేషన్ థియేటరు, ఊపిరి గొట్టం వేయగల మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే తీసుకెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళకి మెడలో చీము పడితే ఒక రాత్రిలోనే లోపలికి పాకిపోవచ్చు. మధ్యలో రేవు దాటాల్సిన ఊరైతే తెల్లారేదాకా ఆగకండి.

ఇవేవీ లేవంటే, కోయించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మూడో యాంటీబయాటిక్ కూడా పరీక్షలయ్యేదాకా వద్దు. నేను ఇరవై ఏళ్ళ పైబడి కోనసీమలో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తున్నాను. మీరు రాసినంత వరకూ చూస్తే నా అనుమానం బిళ్ళ మీదా కాదు, చీము మీదా కాదు, థైరాయిడ్ గ్రంథి వాపు మీద. ఎందుకో చెబుతాను. నేను ఆవిడ మెడ మీద చెయ్యి వేయలేదు కాబట్టి ఇది అనుమానమే. తేల్చాల్సింది పరీక్షలు.

మొదటి పరీక్ష మీరే చేయొచ్చు. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టండి. గడ్డం కొంచెం పైకెత్తమనండి. గ్లాసుతో నీళ్ళిచ్చి, ఒక గుక్క నోట్లో పట్టుకుని మీరు చెప్పాక మింగమనండి. మీరు కాస్త పక్కగా నిలబడి ఆ గడ్డనే చూస్తూ ఉండండి. మింగినప్పుడు కంఠం పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతుంది. గడ్డ కూడా దానితో పాటే లేచి దిగిందా, లేక ఉన్నచోటే ఉండిపోయిందా? రెండు మూడు సార్లు చూస్తే తెలిసిపోతుంది. థైరాయిడ్ గ్రంథి గాలిగొట్టానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి గుటక వేసినప్పుడల్లా లేస్తుంది. బిళ్ళ మెడ పక్కన కండరం దగ్గర ఉంటుంది కాబట్టి కదలదు. అయితే ఈ పరీక్ష గడ్డ చిరునామా మాత్రమే చెబుతుంది, జబ్బు పేరు చెప్పదు. థైరాయిడ్‌లోనే చీము పట్టినా గుటకతో పాటు లేస్తుంది. మెడ నడిమధ్యలో పుట్టుకతో ఉండే నీటితిత్తి వాచినా లేస్తుంది.

ఇప్పుడు బిళ్ళ సంగతి. మన వైపు మెడలో ఏది లేచినా ఒకటి గవదబిళ్ళలంటారు, లేదంటే బిళ్ళ కట్టిందంటారు. గొంతు నొప్పికి కట్టే బిళ్ళ ఎక్కువగా దవడ మూల కింద, చెవి తమ్మెకి రెండు వేళ్ళ దిగువన వస్తుంది. టాన్సిల్ దగ్గరి మురికిని వడకట్టేది అదే. చింతగింజంతో, బాగా వాస్తే పోకచెక్కంతో ఉంటుంది, వేలి కింద జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది గొంతు నొప్పితో పాటే వస్తుంది. గొంతు తగ్గాక రెండు మూడు వారాల్లో అదీ అణుగుతుంది. గొంతు పూర్తిగా తగ్గిపోయి, ఇంట్లో పిండివంటలు తిని, మూడు వారాలు హాయిగా తిరిగాక కొత్తగా పుట్టిన నొప్పి గడ్డని మామూలు బిళ్ళ అనుకోవడానికి నాకు మనసు ఒప్పదు. మీ ఊరి డాక్టరు గారిని నేను తప్పు పట్టను. పదిమందిలో తొమ్మిదిమందికి ఆయన మాటే నిజమవుతుంది. కానీ మొదటి కోర్సుకి ఏమాత్రం లొంగనప్పుడు మందు పేరు కాదు, జబ్బు పేరు మార్చి ఆలోచించాలి. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడకి బిళ్ళ అనుకుని నేనే మూడు రకాల యాంటీబయాటిక్‌లు రాశాను. నెల తర్వాత ఆవిడ వేరే ఊళ్ళో రక్తపరీక్ష చేయించుకుని కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ఆ కాగితంలో ఉన్నది ఈ జబ్బే. వైద్యులు దీన్ని సబాక్యూట్ థైరాయిడైటిస్ అంటారు, డి కెర్వాన్ థైరాయిడైటిస్ అని ఇంకో పేరు. జలుబు, గొంతు నొప్పి లాంటి వైరస్ జబ్బు వచ్చి తగ్గిన రెండు నుంచి ఎనిమిది వారాల లోపు మొదలవుతుంది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో చాలా ఎక్కువ, అందులోనూ ముప్ఫై నుంచి యాభై మధ్య వయసులో.

ఏం జరుగుతుందంటే, థైరాయిడ్ ధాన్యం గాదె లాంటిది. శరీరానికి రెండు మూడు నెలలకి సరిపడే హార్మోన్ తయారుచేసి లోపల నిల్వ పెట్టుకుంటుంది. ఈ వాపులో గాదె గోడ అక్కడక్కడా పగులుతుంది. నిల్వ ఉన్న సరుకంతా ఒక్కసారి రక్తంలోకి కారిపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం అందుకే. ఆవిడ దడ భయం వల్ల వచ్చిందే కావచ్చు. అయినా నాడి లెక్కపెట్టండి. తెల్లవారుజామున మంచం దిగకముందు నిమిషానికి 100 దాటుతుంటే అది వట్టి టెన్షన్ అయి ఉండదు.

చెవి పోటు గురించి కూడా ఒక మాట. థైరాయిడ్ దగ్గరా చెవిలోనూ స్పర్శ తెలిపే నరం ఒకటే ఉంది, దాని కొమ్మలు రెండు చోట్లకీ వెళ్తాయి. అందుకే నొప్పి మెడలో పుట్టి దవడలోకీ చెవిలోకీ ఎక్కుతుంది. వీళ్ళలో కొందరు నా దగ్గరికి చెవి నొప్పనే వస్తారు. అప్పటికే ఒకటి రెండు రకాల చుక్కలు వేసుకుని ఉంటారు. లైటు పెట్టి చూస్తే కర్ణభేరి ముత్యంలా మెరుస్తూ ఉంటుంది. అప్పుడు చెయ్యి కిందికి దించి మెడ మీద పెడతాను. పెట్టీ పెట్టగానే మనిషి ఉలిక్కిపడి నా మణికట్టు పట్టుకుంటుంది. గ్రంథి గట్టిగా, చెక్క ముక్కలా తగులుతుంది. చీము గడ్డయితే నాలుగైదు రోజులకి మెత్తబడి, నొక్కితే లోపల నీరు కదిలినట్టుంటుంది, పైన చర్మం ఎర్రగా నిగనిగలాడుతుంది. థైరాయిడ్ వాపులో చర్మం సాధారణంగా మామూలుగానే ఉంటుంది.

అయితే దీనికి ఒక మెలిక ఉంది. గడ్డ మీద సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారా? వేసి ఉంటే చల్లటి నీళ్ళతో కడిగేయండి. సున్నం చర్మాన్ని కాల్చి ఎర్రబరుస్తుంది. ఆ ఎరుపుని చూసి చీము పట్టిందనుకోవడం నేను ఎన్నిసార్లో చూశాను. ఇంకో ప్రశ్న, మధ్యలో డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏమైనా చేశారా? ఒక ఇంజెక్షన్‌కి రెండు రోజులు నొప్పి మాయమై మూడో రోజు తిరిగొచ్చిందంటే అది థైరాయిడ్ వాపు వైపు మొగ్గు చూపే గుర్తు. కానీ అదే ఇంజెక్షన్ లోపలి చీముని కూడా కొన్నాళ్ళు కప్పిపెట్టగలదు, మీ ఆవిడ షుగర్‌నీ పెంచుతుంది. డాక్టరుకి ఈ విషయం దాచకుండా చెప్పండి.

పరీక్షలు ఎక్కువేమీ అక్కర్లేదు, అన్నీ ఒకే రోజు అవుతాయి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే పడిపోయి తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్, ఆ హార్మోన్‌నే కొలిచే ఫ్రీ టీ4, ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, తెల్లకణాల లెక్క, షుగర్. తర్వాత మెడకి అల్ట్రాసౌండ్. స్కాన్ రాయించేటప్పుడు "మెడ మొత్తం, థైరాయిడ్, బిళ్ళలు, ఎక్కడైనా ద్రవం ఉందా" అని రాయించండి. వట్టి థైరాయిడ్ అని రాస్తే కొన్నిచోట్ల అది మాత్రమే చూసి పంపేస్తారు.

థైరాయిడ్ వాపయితే ఈఎస్ఆర్ బాగా పెరుగుతుంది. 50 దాటడం మామూలు, 100 దాటినా ఆశ్చర్యపోను. టీఎస్‌హెచ్ 0.1 కన్నా కిందికి పడిపోయి, టీ4 ఎక్కువగా ఉంటుంది. తెల్లకణాలు మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉంటాయి. స్కాన్‌లో నొప్పి ఉన్నచోట అంచులు తెలియని నల్లటి మచ్చ, అందులో రక్తప్రసరణ తక్కువ. చీమయితే ఈఎస్ఆర్ పెరుగుతుంది గానీ టీఎస్‌హెచ్ సాధారణంగా మారదు, తెల్లకణాలు బాగా పెరుగుతాయి, స్కాన్‌లో ద్రవం కనిపిస్తుంది. ద్రవం కనిపించినా నేరుగా కత్తి పెట్టరు. స్కాన్ చూస్తూ సూదితో తీసి ఆ చీముని కల్చర్‌కి పంపి, లోతు తెలియకపోతే సీటీ తీయించి అప్పుడు నిర్ణయిస్తారు. ఈఎస్ఆర్ ఒక్కదాన్నే పట్టుకుని ఏదీ తేల్చకూడదు. క్షయ బిళ్ళలోనూ అది పెరుగుతుంది. కాకపోతే క్షయ బిళ్ళలు ఎక్కువగా నొప్పి లేకుండా, ఒకదానికొకటి అతుక్కుని, వారాల తరబడి మెల్లగా పెరుగుతాయి. వాటిని స్కాన్, సూది పరీక్ష పట్టిస్తాయి.

ఒక కేసు చెబితే ఇదంతా ఎలా నడుస్తుందో తెలుస్తుంది. మూడేళ్ళ కిందట ఒక లంక గ్రామం నుంచి నలభై దాటిన ఆవిడ వచ్చింది. ఆవిడకీ షుగరే. మెడ కుడివైపు ఎర్రగా కమిలి ఉంది, చీటీ మీద "చీము గడ్డ, కోయాలి" అని రాసి ఉంది. ఎరుపు గురించి అడిగితే తోటికోడలు వేసిన పట్టు సంగతి బయటపడింది. జ్వరం 100.4, నాడి 112. నోరు మూడు వేళ్ళు తెరుచుకుంది, గొంతులో లైటు వేస్తే టాన్సిల్ పక్కన ఉబ్బు లేదు. నీళ్ళు మింగిస్తే గడ్డ లేచి దిగింది. ఈఎస్ఆర్ 96, టీఎస్‌హెచ్ 0.03, తెల్లకణాలు 9,800. స్కాన్‌లో కుడి భాగంలో నల్ల మచ్చ ఉంది, ద్రవం చుక్క లేదు.

యాంటీబయాటిక్ ఆపేసి, కిడ్నీ పరీక్ష బాగుందని చూసుకుని, నాప్రోక్సెన్ 500 రోజుకి రెండుసార్లు అన్నం తిన్నాక వేయించాను. పొట్టకి రక్షణగా పాంటోప్రజోల్. దడకి ప్రొప్రనొలాల్ తక్కువ మోతాదులో, అది కూడా ఆస్తమా లేదని అడిగి నిర్ధారించుకున్నాకే. చాలామందికి ఈపాటి వైద్యం సరిపోతుంది. ఈవిడకి మూడు రోజులైనా సగమే తగ్గింది, రాత్రి పక్కకి తిరిగితే మెలకువ వస్తోంది. షుగర్ ఉన్న మనిషికి స్టెరాయిడ్ అంటే నాకూ బెరుకే. చీము లేదని స్కాన్ చెప్పింది కాబట్టి, షుగర్ చూసే ఫిజీషియన్‌తో మాట్లాడి ప్రెడ్నిసొలోన్ 30 మిల్లీగ్రాములు ఉదయం టిఫిన్ తర్వాత మొదలుపెట్టాం. రెండో రాత్రికే హాయిగా నిద్రపోయింది. ఈ జబ్బుకి స్టెరాయిడ్ అంత తొందరగా పనిచేస్తుంది. రెండు మూడు రోజుల్లో తేడా కనిపించకపోతే మనం పెట్టిన పేరే తప్పేమోనని వెనక్కి వెళ్ళి చూడాలి. ఉదయం వేసుకున్న స్టెరాయిడ్‌కి షుగర్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెరుగుతుంది. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఈవిడకి పరగడుపున 150, మధ్యాహ్నం భోజనం తర్వాత 290. కొన్ని వారాలు మందు పెంచాల్సి వచ్చింది.

అంతా కుదుటపడిందనుకుంటే పన్నెండో రోజున నొప్పి లేదని తనంతట తానే మాత్రలు ఆపేసింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది, ఈసారి నొప్పి ఎడమవైపు. ఇంట్లోవాళ్ళు క్యాన్సర్ పాకిందని ఏడుస్తూ వచ్చారు. కుడి నుంచి ఎడమకి మారడం ఈ జబ్బుకి అలవాటే, అది కూడా ఒక గుర్తే. మళ్ళీ మొదలుపెట్టి, వారానికి ఐదు మిల్లీగ్రాముల చొప్పున మెల్లగా తగ్గించుకుంటూ వెళ్ళాం. మొత్తం రెండు నెలలకి కాస్త తక్కువ పట్టింది.

ఇందులోనే ఇంకో పొరపాటు తృటిలో తప్పింది. టీఎస్‌హెచ్ 0.03 చూసిన ఒక ల్యాబ్ దగ్గరి డాక్టరు థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ రాసిచ్చారు. అది కొత్త హార్మోన్ తయారీని ఆపే మందు. ఇక్కడ తయారీ ఎక్కువ కాలేదు, గాదె పగిలి పాత సరుకు కారుతోంది. గింజలు గుమ్మంలోకి కారిపోతుంటే పొలంలో కోత ఆపమన్నట్టు ఉంటుంది ఆ వైద్యం. ఉపయోగం లేకపోగా దాని దుష్ఫలితాలు మీద పడతాయి. మీ ఆవిడకి కూడా టీఎస్‌హెచ్ తక్కువ వస్తే ఎవరో ఒకరు ఈ మాత్ర రాసే అవకాశం ఉంది. మెడ నొప్పి, ఈఎస్ఆర్ సంగతి చెప్పి, ఎండోక్రైన్ డాక్టరుకి గానీ అనుభవమున్న ఫిజీషియన్‌కి గానీ చూపించకుండా వేయకండి. అలాగే నొప్పికి ఆస్పిరిన్ కూడా వద్దు, అది రక్తంలో ప్రోటీన్‌కి అంటుకున్న హార్మోన్‌ని విడదీస్తుంది. షుగర్ ఉన్న మనిషి కాబట్టి పైన చెప్పిన మందులేవీ కిడ్నీ పరీక్ష చూడకుండా మందులషాపులో అడిగి కొనకండి. మోతాదులు నేను ఆ ఒక్కావిడకి ఇచ్చినవి, మీ ఆవిడవి వేరుగా ఉండొచ్చు.

క్యాన్సర్ గురించి అడిగారు. గొంతు నొప్పి తర్వాత రోజుల్లో లేచి, చెయ్యి వేయనివ్వనంత నొప్పి పెట్టే థైరాయిడ్ గడ్డ క్యాన్సర్ కావడం అరుదు. థైరాయిడ్ క్యాన్సర్ గడ్డ ఎక్కువగా నొప్పి లేకుండా ఉంటుంది. అయితే నొప్పి పోయాక గడ్డ కూడా పోవాలి. రెండు మూడు నెలల తర్వాత ఒకసారి స్కాన్ మళ్ళీ తీయించి, మచ్చ అలాగే ఉంటే అప్పుడు సూది పరీక్ష. వాపు ఉండగా తీసిన స్కాన్‌లో మచ్చ కొన్నిసార్లు చెడ్డ గడ్డలాగే కనిపిస్తుంది, రిపోర్టులో ఆ మాట చదివి కంగారు పడకండి.

చివరికి గాదె ఖాళీ అవుతుంది కదా, అది మళ్ళీ నిండేదాకా కొందరికి థైరాయిడ్ తక్కువవుతుంది. నొప్పి, దడ పోయి, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బరం వస్తాయి. అందుకని నొప్పి తగ్గినా ఆరు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూస్తుండాలి. ఆ లంకావిడకి మూడో నెలలో 14 వచ్చింది. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు ఇచ్చి, ఇది జీవితాంతం కాదని చీటీ మీద ఎర్ర సిరాతో రాశాను. రాయకపోతే ఏళ్ళ తరబడి వేసుకుంటూనే ఉంటారు. ఆరు నెలల తర్వాత ఆపి, ఆరు వారాలాగి చూస్తే 2.8. నూటికి ఐదు నుంచి పదిహేను మందికి మాత్రం ఆ మాత్ర నిలిచిపోతుంది.

రేపు పరగడుపునే రక్తం ఇప్పించి, అదే పూట స్కాన్ చేయించండి. మెళ్ళో గొలుసు, నల్లపూసలు ఇంటి దగ్గరే తీసి బయలుదేరమనండి. నొప్పి మెడ మీద స్కాన్ గదిలో వాటిని విప్పడం ఆవిడకి పెద్ద బాధ.